ఫొటోలో టైరు: అరుగుదలకు కొలబద్ద గాడి అడుగునే ఉంది

కారు టైరును ఫోన్‌తో ఫొటో తీసి, తెలిసినవాళ్లకు పంపి, "ఇది మార్చాలా, ఇంకొన్నాళ్లు నడుస్తుందా?" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. అవతలివాళ్లు ఒక్క చూపు చూసి "గాడులు బాగానే కనిపిస్తున్నాయి, ఇంకో ఏడాది లాగేయొచ్చు" అనేస్తారు. ఆ జవాబును నమ్మడానికి లేదు. ఫొటోలో గాడి కనిపించడం వేరు, అది ఎంత లోతుందో తెలియడం వేరు. రబ్బరూ నలుపే, గాడిలో పడే నీడా నలుపే. నిటారుగా పైనుంచి తీస్తే 8 మిల్లీమీటర్ల కొత్త గాడి, 3 మిల్లీమీటర్ల పాత గాడి దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

అలాగని ఫొటో పనికిరాదని కాదు. ఎక్కడ, ఏ కోణంలో, ఏ వెలుతురులో తీయాలో తెలిస్తే దాని నుంచి గాడి లోతును అర మిల్లీమీటరు అటూ ఇటూగా చెప్పవచ్చు. అయితే ఒక తేడా మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి. టైరు చెడిపోయిందని ఫొటో రుజువు చేయగలదు. టైరు బాగుందని మాత్రం రుజువు చేయలేదు. ఉబ్బు కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. ఉబ్బు కనిపించకపోతే, ఫొటోలో పడిన మేరకు లేదని మాత్రమే అర్థం.

గాడి అడుగున ఉండే గట్టు

కారు టైరులో రోడ్డును తాకే భాగమైన ట్రెడ్‌లో చుట్టూ తిరిగే ముఖ్యమైన గాడులు మూడో నాలుగో ఉంటాయి. వాటి అడుగున అక్కడక్కడ, పంటకాలువకు అడ్డంగా వేసిన చిన్న గట్టులాగా, కొద్దిగా పైకి లేచిన రబ్బరు అడ్డు ఉంటుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరుగుతూ అరుగుతూ ఈ గట్టుతో సమానమైతే, గాడి లోతు 1.6కు దిగిందని అర్థం. చాలా దేశాల చట్టాల్లో కారు టైరుకు కనీస లోతు ఇదే. గట్టు ఎక్కడుందో తెలియడానికి ట్రెడ్ అంచు దగ్గర, టైరు పక్క గోడ అయిన సైడ్‌వాల్ పైభాగంలో చిన్న త్రికోణం గుర్తు గానీ, టి.డబ్ల్యు.ఐ. అనే ఆంగ్ల అక్షరాలు గానీ, కంపెనీ చిహ్నం గానీ ఉంటుంది. ఆ గుర్తు నుంచి ట్రెడ్ మీదకు అడ్డంగా చూపు పోనిస్తే గట్టు దొరుకుతుంది. టైరు చుట్టూ ఇలాంటివి సాధారణంగా ఆరు చోట్ల ఉంటాయి. ఇవన్నీ కారు టైర్ల లెక్కలు. మోటారు సైకిళ్లకూ భారీ వాహనాలకూ గట్టు ఎత్తు వేరుగా ఉండవచ్చు.

ఎక్కువమంది ఈ గట్టును హద్దురాయిగానే చూస్తారు. గట్టు తగిలిందా లేదా అన్నదే వాళ్ల ప్రశ్న. ఫొటో చూసేవాళ్లకు దానివల్ల ఇంకా పెద్ద ఉపయోగం ఉంది. ఫొటో ఎంత దూరం నుంచి తీశారో, ఎంత జూమ్ చేశారో మనకు తెలియదు. ఫొటోలో ఏ కొలతా లేదు. కానీ గట్టు ఎత్తు 1.6 మిల్లీమీటర్లని ముందే తెలుసు. అంటే ప్రతి టైరులోనూ తయారీ నాడే ఒక కొలబద్ద పెట్టి ఇచ్చారన్నమాట.

దాన్ని వాడాలంటే ఫొటో నిటారుగా పైనుంచి తీయకూడదు. గాడి పొడవునా చూస్తున్నట్టు, కెమెరాను కొంచెం కిందికి దించి ఏటవాలుగా పట్టుకోవాలి. అప్పుడు గట్టు ముఖం కనిపిస్తుంది, దాని పక్కనే గాడి గోడ కూడా కనిపిస్తుంది. గాడి అడుగు నుంచి గట్టు పైఅంచు వరకు ఒక ఎత్తు, గాడి అడుగు నుంచి ట్రెడ్ పైభాగం వరకు ఇంకో ఎత్తు. రెండూ ఒకే చోట నిలువుగా ఉన్నాయి కాబట్టి, కెమెరా కోణం వల్ల కురచగా కనిపించినా రెండూ ఒకే పాళ్లలో కురచవుతాయి. ఫొటోను పెద్దది చేసి రెండింటినీ కొలిచి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, 1.6తో గుణిస్తే లోతు వస్తుంది. కొలవడానికి ఫోన్ తెర మీద స్కేలు పెట్టినా సరిపోతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది మట్టి. గాడి అడుగున మట్టి పేరుకుంటే గట్టు పొట్టిగా కనిపిస్తుంది. గట్టు పొట్టిగా కనిపిస్తే భాగహారంలో గాడి లోతుగా ఉన్నట్టు తేలుతుంది. ఉదాహరణకు అసలు లోతు 3.5 మిల్లీమీటర్లు అనుకుందాం. అడుగున 0.4 మిల్లీమీటర్ల మట్టి ఉంటే గట్టు 1.2గా, గాడి 3.1గా కనిపిస్తాయి. లెక్క కడితే 4.1 వస్తుంది. మట్టి గాడిని పూడ్చేస్తుంది కాబట్టి లోతు తగ్గి కనిపించాలని ఎవరైనా అనుకుంటారు. కానీ ఈ పద్ధతిలో మురికి టైరు ఉన్నదానికంటే మంచిదిగా తేలుతుంది. అందుకే ఫొటోకు ముందు గాడిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రంగా రుద్ది, ఆరనివ్వాలి.

రెండో పొరపాటు, వేరే అడ్డును గట్టు అనుకోవడం. ట్రెడ్ దిమ్మలు కదలకుండా పక్కపక్క దిమ్మలను కలుపుతూ కొన్ని టైర్లలో రబ్బరు వంతెనల్లాంటివి పోస్తారు. ఇవి గట్టుకంటే ఎత్తుగా ఉంటాయి. అవి అరిగి సమానమైనంత మాత్రాన టైరు హద్దుకు చేరినట్టు కాదు. మంచు కాలపు టైర్లలో అయితే 4 మిల్లీమీటర్ల దగ్గర ఇంకో గుర్తు కూడా ఉండవచ్చు. చుట్టూ తిరిగే ముఖ్య గాడిలో, సైడ్‌వాల్ మీది గుర్తుకు ఎదురుగా ఉన్నదాన్నే కొలతకు తీసుకోవాలి.

గట్టు తగిలేదాకా ఆగాలా అనేది వేరే ప్రశ్న. తడి రోడ్డు మీద గాడుల పని నీటిని పక్కకు తోసేయడం. లోతు తగ్గేకొద్దీ తోసే నీరు తగ్గుతుంది, బ్రేకు వేశాక కారు ఆగే దూరం పెరుగుతుంది, వేగంగా పోతుంటే టైరు నీటి మీద తేలే ప్రమాదం పెరుగుతుంది. ఇది 1.6 దగ్గర ఒక్కసారిగా మొదలయ్యే మార్పు కాదు. అందుకే వానల్లో తిరిగే కారుకు 3 మిల్లీమీటర్ల దగ్గరే కొత్త టైర్ల ఏర్పాటు మొదలుపెట్టమని చాలామంది నిపుణులు చెబుతారు.

ఒక టైరు, రెండు జవాబులు

ఒక ఉదాహరణను పూర్తిగా లెక్కగట్టి చూద్దాం. ఒక కారు ముందు ఎడమ టైరు. కొత్తదిగా ఉన్నప్పుడు లోతు 8 మిల్లీమీటర్లు. ఇప్పటికి 38,000 కిలోమీటర్లు తిరిగింది. యజమాని పంపిన మొదటి ఫొటో కారు పక్కన నిలబడి తీసింది. బయటి వైపు గాడి, అందులో గట్టు స్పష్టంగా పడ్డాయి. ఫొటోను పెద్దది చేసి కొలిస్తే గట్టు ఎత్తు 14 పిక్సెళ్లు, గాడి మొత్తం ఎత్తు 31 పిక్సెళ్లు. 31ని 14తో భాగించి 1.6తో గుణిస్తే 3.5 మిల్లీమీటర్లు.

ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు? అంచు ఎక్కడ మొదలైందో చూడటంలో ఒక్కో పిక్సెల్ అటూ ఇటూ పొరబడటం సహజం. ఆ తప్పును రెండు వైపులా వేసి చూస్తే జవాబు 3.2 నుంచి 3.9 మధ్య ఉంటుంది. ఇంకా దగ్గర నుంచి తీసి, గట్టు 14కు బదులు 60 పిక్సెళ్లు వచ్చేలా చూస్తే ఈ తేడా బాగా తగ్గిపోతుంది. ఎలా తీసుకున్నా బయటి గాడి 3 పైనే ఉంది.

ఇప్పుడు మిగిలిన ఆయుష్షు లెక్క. 38,000 కిలోమీటర్లలో 4.5 మిల్లీమీటర్లు అరిగింది, అంటే వెయ్యి కిలోమీటర్లకు సుమారు 0.12. హద్దు 1.6 వరకు ఇంకా 1.9 మిల్లీమీటర్లు ఉంది. ఆ లెక్కన 16,000 కిలోమీటర్లు వస్తుంది. "ఇంకో ఏడాది లాగేయొచ్చు" అన్న మాటకు ఈ ఫొటో సరిగ్గా మద్దతు ఇస్తుంది.

రెండో ఫొటో స్టీరింగ్‌ను ఒక వైపుకు పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు బయటికి కనిపించేలా చేసి తీసింది. లోపలి గాడిలో గట్టు 12 పిక్సెళ్లు, మొత్తం ఎత్తు 15 పిక్సెళ్లు. లెక్క కడితే 2.0 మిల్లీమీటర్లు. ఒకే టైరు, రెండు అంచుల మధ్య దూరం జానెడు కూడా లేదు. తేడా మాత్రం 1.5 మిల్లీమీటర్లు.

ఈ వైపు 6 మిల్లీమీటర్లు అరిగింది. వెయ్యి కిలోమీటర్లకు 0.16. హద్దుకు మిగిలింది 0.4 మాత్రమే, అంటే సుమారు 2,500 కిలోమీటర్లు. 3 మిల్లీమీటర్ల గీత దాటి అప్పటికే 6,000 కిలోమీటర్లకు పైగా అయింది. మొదటి ఫొటో ఒక్కటే చూసి ఉంటే 16,000 అని చెప్పేవాళ్లం. టైరు ఆయుష్షును తేల్చేది బాగా మిగిలిన గాడి కాదు, అన్నిటికంటే ఎక్కువ అరిగిన చోటు. సగటు తీసి "సుమారు 2.8 ఉంది" అనడం కూడా తప్పే.

ఆ 2,500 కూడా ఆశావహమైన అంకే అని గమనించాలి. మొదటి రోజు నుంచీ ఒకే వేగంతో అరిగిందని మనం అనుకున్నాం. కానీ ఒక అంచు మాత్రమే ఇలా అరగడానికి సాధారణ కారణం చక్రాల కోణాల అమరిక అయిన అలైన్‌మెంట్ చెడిపోవడం. పెద్ద గుంతలో పడినప్పుడో, స్టీరింగ్ భాగాల్లో లూజు వచ్చినప్పుడో అది మొదలవుతుంది. ఒకవేళ అది గత 10,000 కిలోమీటర్లలోనే మొదలైందనుకుందాం. అంతకుముందు రెండు అంచులూ సమానంగా అరిగి ఉంటే, 28,000 దగ్గర లోపలి గాడి 4.7 ఉండేది. అది పది వేల కిలోమీటర్లలో 2.0కు దిగింది. అంటే ఇప్పటి వేగం వెయ్యికి 0.27. అప్పుడు మిగిలింది 1,500 కిలోమీటర్లే. ఈ రెంటిలో ఏది నిజమో ఒక్క ఫొటో చెప్పలేదు. రెండు నెలల కిందట అదే గాడిని తీసిన ఫొటో ఒకటి ఉంటే చెప్పగలదు. ఒకే చోటును రెండు సార్లు, రెండు తేదీల్లో, ఓడోమీటరు అంకెతో సహా తీసి పెట్టుకోవడం అందుకే మేలు.

ఈ టైరు విషయంలో తీర్పు స్పష్టంగానే ఉంది. మార్చాలి, మార్చినప్పుడే అలైన్‌మెంట్ కూడా చేయించాలి. అలైన్‌మెంట్ చేయించకుండా టైరు ఒక్కటే మారిస్తే కొత్త టైరు లోపలి అంచు కూడా అదే దారి పడుతుంది.

అరుగుదల ఆకారం నుంచి తెలిసేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటికి ట్రెడ్ వెడల్పంతా ఒకే ఫొటోలో పడాలి. మధ్య భాగం ఎక్కువ అరిగితే గాలి చాలాకాలం ఎక్కువగా ఉన్నట్టు. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిపినట్టు. చుట్టూ అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లనో, వీల్ బ్యాలెన్సునో అనుమానించాలి. ఇక ట్రెడ్‌లో ఎక్కడైనా స్టీలు తీగ మెరుపు గానీ, దారాల అల్లిక గానీ కనిపిస్తే కొలతల పని లేదు. ఆ టైరు మీద కారును వర్క్‌షాపు దాకా కూడా నడపకూడదు. స్పేర్ టైరు వేసుకోవాలి.

సైడ్‌వాల్: ఉబ్బా, నొక్కా?

ట్రెడ్ అరుగుదల నెమ్మదిగా, లెక్కకు అందేలా జరుగుతుంది. సైడ్‌వాల్ అలా కాదు. అక్కడ కనిపించే కొన్ని లోపాలకు "ఇంకా ఎన్ని కిలోమీటర్లు" అనే ప్రశ్నే వర్తించదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఉబ్బు. టైరు పక్క గోడలో రబ్బరు లోపల దారాల పొర ఉంటుంది. గాలి ఒత్తిడిని మోసేది రబ్బరు కాదు, ఆ దారాలే. గుంత అంచునో, ఫుట్‌పాత్ రాతినో బలంగా గుద్దుకున్నప్పుడు పక్క గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి దారాలు తెగుతాయి. తెగిన చోట గాలిని ఆపడానికి రబ్బరు ఒక్కటే మిగులుతుంది, అది బయటికి ఉబ్బుతుంది. దీన్ని అతుకు వేసి బాగు చేయడం కుదరదు. అది ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. ట్రెడ్ కొత్తగా ఉన్నా సరే, ఆ టైరును తీసేయాలి.

చిక్కు ఎక్కడంటే, బాగున్న టైర్లలో కూడా పక్క గోడ మీద నిలువుగా చిన్న నొక్కు కనిపించడం మామూలు. దారాల పొరను టైరు చుట్టూ చుట్టినప్పుడు రెండు కొసలు ఒకదాని మీద ఒకటి కలుస్తాయి. ఆ అతుకు దగ్గర దారాలు రెండింతలు ఉంటాయి కాబట్టి గాలి కొట్టినప్పుడు మిగతా గోడకంటే తక్కువ సాగుతుంది, కొంచెం లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది. దీనివల్ల ప్రమాదం లేదు. ఉబ్బు అంటే దారాలు తెగిన చోటు, ఈ నొక్కు అంటే దారాలు రెండింతలున్న చోటు. అర్థాలు పూర్తిగా ఎదురెదురు. ఫొటోలో మాత్రం రెండూ ఒక వెలుగు పట్టీ, ఒక నీడ పట్టీగానే పడతాయి.

కారణం మన కన్ను. వెలుతురు పైనుంచి వస్తోందని కన్ను తనకు తానే అనుకుంటుంది. పైభాగం వెలుగుగా, కింది భాగం నీడగా ఉంటే ఉబ్బు అంటుంది. అటుదిటైతే నొక్కు అంటుంది. కానీ గరాజులో కారు కింద టార్చి పెట్టి తీసిన ఫొటోలో వెలుతురు కిందనుంచి వస్తుంది. అప్పుడు నొక్కు ఉబ్బులాగా, ఉబ్బు నొక్కులాగా కనిపిస్తాయి. మొదటి పొరపాటు వల్ల అనవసరంగా టెన్షన్ పడతారు. రెండోది నిజంగా ప్రాణాల మీదికి తెస్తుంది.

దీన్ని తేల్చడానికి మంచి దారి ఒకటుంది. అనుమానం ఉన్న చోట టైరు చుట్టు దిశలో ఒక చిన్న స్కేలును పక్క గోడకు ఆనించి, పక్క నుంచి ఫొటో తీయాలి. ఉబ్బు అయితే స్కేలు దాని మీద ఎక్కి అటూ ఇటూ ఊగుతుంది, రెండు కొసల దగ్గర సందు కనిపిస్తుంది. నొక్కు అయితే స్కేలు కొసలు గోడకు ఆని, మధ్యలో సందు కనిపిస్తుంది. ఆకారం కూడా కొంత చెబుతుంది. అతుకు నొక్కు రిమ్ము వైపు నుంచి ట్రెడ్ వైపు నిలువు గీతలా సాగుతుంది. దెబ్బ తగిలిన ఉబ్బు ఎక్కువగా ఒకచోట బుడిపెలాగా ఉంటుంది. కానీ ఆకారాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు, స్కేలు ఫొటో ఉండాలి.

ఈ ఫొటో తీసేటప్పుడు టైరులో గాలి సరిపడా ఉండాలి. గాలి దిగిపోయిన టైరులో ఉబ్బు అణిగిపోయి కనబడకుండా పోతుంది. నేలను తాకే భాగం దగ్గర కూడా తీయకూడదు. కారు బరువుకు అక్కడ ప్రతి టైరూ ఉబ్బినట్టే ఉంటుంది. కారును కొంచెం ముందుకు జరిపి, ఆ భాగం పైకి వచ్చాక తీయాలి.

పగుళ్లు, పుట్టిన తేదీ

పక్క గోడ మీద సన్నని పగుళ్లు ఎండ, గాలిలోని ఓజోన్, వయసు కలిసి చేసే పని. రబ్బరులో దీన్ని అడ్డుకునే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి పైకి వచ్చి పొరలాగా పరుచుకుంటాయి. అందుకే నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన కారు టైరు, రోజూ తిరిగే కారు టైరుకంటే ముందు పగలవచ్చు. గాడులు నిండుగా ఉన్నాయి కదా అని చూసి మోసపోయేది ఇలాంటి టైర్ల దగ్గరే. టైరు మీద గోధుమ రంగు పూత కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది ఆ పదార్థాలు పైకి వచ్చిన గుర్తు.

పగుళ్లను ఎదురు వెలుతురులో తీస్తే కనబడవు. టార్చిని గోడకు దగ్గరగా, దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకోవాలి. అప్పుడు ప్రతి పగులులోనూ నీడ పడుతుంది. టైరు తడిగా ఉన్నా, మెరుపు కోసం పాలిష్ పూసినా సన్నవి మాయమవుతాయి. చీకట్లో తీస్తే ఫోన్ కెమెరా మరకలను సాఫు చేసే క్రమంలో వెంట్రుకంత పగుళ్లను కూడా చెరిపేస్తుంది. ఫొటోలో గోడ మరీ నున్నగా కనిపిస్తే సంతోషించకుండా, పగటి వెలుతురులో మళ్లీ తీయించడం మంచిది.

పగులు పొడవు, వెడల్పు ఫొటోలో కనిపిస్తాయి. లోతు కనిపించదు. ఈ హద్దును దాటడానికి తెలివైన దారి ఏదీ లేదు. పైపైన వలలాగా ఉన్న సన్నని గీతలైతే వయసు గుర్తుగా తీసుకుని, నెలకోసారి చూస్తూ ఉండవచ్చు. పగులు నోరు తెరుచుకుని ఉన్నా, చుట్టు దిశలో గీతలు కలిసి పొడవుగా సాగినా, ట్రెడ్ గాడి అడుగున పగిలినా, లోపల దారాల ఛాయ కనిపించినా ఆ టైరును తీసేయాలి. మధ్యస్థంగా ఉంటే, ఫొటో చూసి భరోసా ఇవ్వకుండా టైరును చేత్తో వంచి చూడగలిగే మనిషి దగ్గరికి పంపాలి.

వయసును మాత్రం ఫొటో కచ్చితంగా చెబుతుంది. పక్క గోడ మీద డి.ఓ.టి. అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2219 అంటే 2019లో 22వ వారం, మే నెలాఖరు. నాలుగు అంకెల పద్ధతి 2000 నుంచి ఉంది. మూడే అంకెలుంటే ఆ టైరు అంతకు ముందుది, దాని గురించి ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. ఒక్కోసారి బయటి వైపు సంకేతం ఉంటుంది కానీ తేదీ అంకెలు ఉండవు. పూర్తి సంకేతం లోపలి వైపు ఉందని అర్థం. ఆ వైపు ఫొటో తీయాలి. అంకెలు నలుపు మీద నలుపుగా ఉంటాయి కాబట్టి వాటి మీద సుద్దముక్క రుద్ది తీస్తే తేటగా వస్తాయి.

వయసు ఎంతైతే తీసేయాలన్న దాని మీద అందరిదీ ఒకే మాట కాదు. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి. కొన్ని టైర్ల కంపెనీలు పదేళ్లను చివరి హద్దుగా పెట్టి, ఐదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమంటాయి. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో పగుళ్ల ఫొటోతో కలిపి చూస్తే తేలుతుంది. ఏడేళ్ల టైరులో పగుళ్లు కూడా మొదలైతే, గాడి 5 మిల్లీమీటర్లున్నా దాన్ని వేగంగా పోయే దూరప్రయాణానికి నమ్మకపోవడమే సరైనది.

మన ఉదాహరణలోని టైరు 2219దే. ఫొటోలు 2025 చివర్లో తీసినవి. ఆరున్నరేళ్లు. పక్క గోడ మీద సన్నని గీతలున్నాయి, ఉబ్బు లేదు. లోపలి అంచు లోతు ఒక్కటే దాన్ని మార్చడానికి చాలు, వయసు దానికి తోడైంది. అదే కారు కుడి ముందు టైరు లోపలి గాడి 3.0 ఉంది. లోతు ఒక్కటే చూస్తే ఇంకా హద్దు లోపలే ఉంది. కానీ అదీ అదే తేదీది, అలైన్‌మెంట్ దెబ్బ దానికీ తగిలింది. ముందు రెండూ కలిపి మార్చడమే ఇక్కడ సరైన నిర్ణయం. ఒక వైపు 8, ఇంకో వైపు 3 ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు రెండు వైపుల పట్టు సమానంగా ఉండదు.

ఫొటోకు అందనివి

టైరులో గాలి నిండి ఉండే లోపలి భాగం ఏ ఫొటోలోనూ పడదు. పంక్చరై గాలి దిగిపోయిన టైరు మీద కొంత దూరం నడిపితే పక్క గోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య మడతపడి లోపలి పొర నలిగిపోతుంది. బయట మాత్రం, రిమ్ముకు కొంచెం పైన చుట్టూ రాసుకున్నట్టు ఒక పట్టీ కనిపిస్తే కనిపించవచ్చు, లేదంటే ఏమీ కనిపించదు. కాబట్టి ఫొటోతో పాటు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ టైరు మీద ఎప్పుడైనా గాలి లేకుండా నడిపారా? జవాబు "అవును" అయితే ట్రెడ్ లోతు, తేదీ, పగుళ్లు అన్నీ బాగున్నా టైరును రిమ్ము నుంచి విప్పించి లోపల చూడాలి. అక్కడ నల్లటి రబ్బరు పొడి రాలి ఉన్నా, లోపలి పొర చుట్టూ ముడతలు పడి ఉన్నా ఆ టైరును మళ్లీ రిమ్ముకు ఎక్కించకూడదు.